ఆక్సిమీటర్‌లో 97, ఊపిరి మాత్రం ఏడే

మార్ఫిన్ ఊపిరిని ఎందుకు తగ్గిస్తుందని అడిగితే, ఫార్మకాలజీ విద్యార్థులు నాడీకణాలపై అది అంటుకునే ‘మ్యూ రిసెప్టర్’ పేరు రాసి చేతులు దులుపుకుంటారు. మార్కులు కూడా పడతాయి. వార్డులో ఆ ఒక్క ముక్క చాలదు.

కనిగిరి వైపు నుంచి ఒంగోలుకు తుంటి ఎముక విరిగి వచ్చిన పెద్దాయన ఉన్నాడనుకుందాం. అటువైపు కిడ్నీ జబ్బులు ఎక్కువన్నది తెలిసిందే, ఈయనకూ క్రియాటినిన్ పెరిగి ఉంది. ఆపరేషన్ అయ్యాక నొప్పికి మార్ఫిన్ ఇచ్చారు. నిద్ర పట్టడం లేదంటే మిడజోలం కలిపారు. ముక్కుకు ఆక్సిజన్ ఎటూ ఉంది. తెల్లవారుజామున ఆక్సిమీటర్ 97 చూపిస్తోంది. ‘ఇప్పటికి హాయిగా నిద్రపోతున్నాడు సిస్టర్’ అంటాడు కొడుకు. నిమిషానికి ఆయన తీస్తున్న శ్వాసలు ఏడు.

ఊపిరి లయ పుట్టేది మెదడు అడుగుభాగమైన మెడుల్లాలోని ప్రీబోట్జింగర్ కాంప్లెక్స్‌లో. మార్ఫిన్ అక్కడి మ్యూ రిసెప్టర్లకు అంటుకోగానే పొటాషియం చానళ్లు తెరుచుకుంటాయి. పొటాషియం బయటికి పోయి కణం లోపల రుణావేశం పెరుగుతుంది, సంకేతాలు పలచబడతాయి. పైగా, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు ఊపిరి వేగం పెంచే స్పందన కూడా మొద్దుబారుతుంది. మిడజోలం దారి వేరు: నాడీకణాలను నెమ్మదింపజేసే రసాయనం గాబా. గాబా-ఎ రిసెప్టర్ దగ్గర దాని పనికి మిడజోలం బలమిచ్చి క్లోరైడ్‌ను లోపలికి పంపిస్తుంది. గాబా లేనిదే అది పెద్దగా ఏమీ చేయలేదు కాబట్టి, ఒంటరిగా మాత్రగా వేసుకుంటే సాధారణంగా ఊపిరి ఆగేంత పని చేయదు. మార్ఫిన్ తోడైతే రెండు బ్రేకులు ఒకేసారి పడ్డట్టే.

మరి ఆ 97 ఎలా వచ్చింది? లెక్క వేద్దాం. మామూలు గాలిలో ఆక్సిజన్ పీడనం, తేమను తీసేశాక, సుమారు 150 మిల్లీమీటర్ల పాదరసం. అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పీడనాన్ని 0.8తో భాగించి తీసేయాలి. అది 40 ఉంటే ఊపిరితిత్తుల్లో 100 మిగులుతుంది. ఈయనకు 80కి చేరిందనుకోండి, మిగిలేది 50. మామూలు గాలి పీలుస్తుంటే ఆక్సిమీటర్ 85కో ఇంకా కిందికో దిగి అలారం మోగేది. కానీ ఈయన పీల్చే గాలిలో ఆక్సిజన్ 30 శాతం. అంటే 150 బదులు 214, మిగిలేది 114. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైనా తెరమీద అంకె కదలదు. ఆక్సిజన్ పెట్టిన రోగి ఊపిరిని ఆక్సిమీటర్‌కు వదిలేయడం తప్పని నేననేది అందుకే. నిమిషంపాటు ఛాతీ చూసి లెక్కపెట్టాలి, పిలిస్తే పలుకుతున్నాడో లేదో చూడాలి. మగత ముదరడం తరచూ ఊపిరి కంటే ముందే హెచ్చరిస్తుంది. కంటిపాప సూదిమొనంత అయితే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇక్కడ మొదటి పని బ్యాగ్, మాస్కుతో ఊపిరి అందించడం. మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ 0.4 మిల్లీగ్రాముల ఆంపుల్‌ను పది ఎం.ఎల్.కు పలచన చేసి, ఒక్కో ఎం.ఎల్. చొప్పున ఊపిరి పుంజుకునేదాకా ఇస్తారు. ఒక్కసారే దిగ్గొడితే నొప్పి మొత్తం తిరగబెడుతుంది. మిడజోలం మీద అది పనిచేయదు కాబట్టి ఊపిరి పెరిగినా మగత కొంత ఉండిపోవచ్చు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. నాలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలు. కిడ్నీ సరిగా లేనివారిలో మార్ఫిన్ నుంచి తయారయ్యే మార్ఫిన్-6-గ్లుక్యురోనైడ్ బయటికి పోక పేరుకుంటుంది, దానికీ మార్ఫిన్ గుణమే. ఎనిమిదింటికి లేచి మాట్లాడిన పెద్దాయన తొమ్మిదిన్నరకు మళ్లీ ఏడు శ్వాసలకు దిగొచ్చు. ఆ గంటల్లో నాలోక్సోన్ డ్రిప్ నడవాలి, శ్వాసల లెక్క చార్టులో పడుతూ ఉండాలి.