గొర్రె దొంగ కొడుకు సాక్ష్యం చెప్పాలా?

చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ చెప్పిన పితృభక్తిని హిందూ గృహస్థ ధర్మంతో పోలుస్తూ వ్యాసం రాయమంటే చాలామంది ‘రెండూ పెద్దల్ని గౌరవించమంటాయి’ అని మొదలుపెడతారు. ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగలదు. నేనైతే గొర్రె దొంగతనంతో మొదలుపెట్టమంటాను.

కన్ఫ్యూషియస్ మాటల సంకలనమైన అనలెక్ట్స్ 13వ అధ్యాయంలో ఒక ప్రాంత పాలకుడు గొప్పలు పోతాడు: తండ్రి గొర్రెను కాజేస్తే స్వయంగా కొడుకే సాక్ష్యం చెప్పాడు, మా వాళ్లు అంత నిజాయితీపరులు అని. కన్ఫ్యూషియస్ ఒప్పుకోడు. మా దగ్గర తండ్రి తప్పును కొడుకు, కొడుకు తప్పును తండ్రి దాస్తారు, నిజాయితీ అందులోనే ఉంది అంటాడు. మనకిది బంధుప్రీతిలా కనిపిస్తుంది. ఆయన లెక్క వేరు. ఇంట్లో తల్లిదండ్రుల్నీ అన్ననూ గౌరవించేవాడు బయట పైవాళ్ల మీద తిరగబడడం అరుదని మొదటి అధ్యాయంలోనే శిష్యుడు యూజి అంటాడు. అంటే సమాజంలో సామరస్యానికి వేరు ఇంట్లోనే ఉంది. దాన్ని నరికి రాజ్యానికి మేలు చేయలేం. తర్వాతి రాజ్యాలు ఈ మాటను చట్టంలోకే ఎక్కించాయి. క్రీ.శ. 653 నాటి చైనా తాంగ్ వంశపు శిక్షాస్మృతిలో తల్లిదండ్రుల మీద ఫిర్యాదు చేసిన కొడుక్కి ఉరి బిగించి చంపే శిక్ష ఉంది. రాజద్రోహం లాంటి నేరాలకే మినహాయింపు.

ఇక మన వైపు. భారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి కథ కన్ఫ్యూషియస్ చదివుంటే మెచ్చుకునేవాడే. వేదాధ్యయనం కోసం తల్లిదండ్రుల్ని వదిలి వచ్చిన కౌశికుణ్ణి మాంసం అమ్ముకునే మనిషి తిరిగి ఇంటికి పంపుతాడు. అయితే పోలిక ఇక్కడే ఆపితే వ్యాసం తేలిపోతుంది. మన సంప్రదాయంలో ఇల్లు జీవితంలోని నాలుగు ఆశ్రమాల్లో ఒకటి మాత్రమే. సంతానంతో పితృఋణం తీరుతుంది. చర్మం ముడతలు పడి, జుట్టు నెరిసి, మనవడి ముఖం చూశాక గృహస్థు అడవికి వెళ్లొచ్చని మనుస్మృతి ఆరో అధ్యాయం అంటుంది. పైగా తండ్రి మాట కాదన్న ప్రహ్లాదుణ్ణి మనం భక్తాగ్రగణ్యుడంటాం. కన్ఫ్యూషియస్ ప్రకారం కొడుకు తండ్రిని మెల్లగా వారించాలి, వినకపోయినా గౌరవం తగ్గించకూడదు. అక్కడ ఇంటికి పైన మరో కోర్టు లేదు. చైనాకు బౌద్ధం వచ్చినప్పుడు, ఇల్లు వదిలి గుండు చేయించుకోవడం మీద అన్ని అభ్యంతరాలు రావడానికి కారణం ఇదే.

రెండు చోట్లా ఒకే లోటు: ధర్మం కొడుకు పేరున రాసి ఉంటుంది, ముసలివాళ్లకు అన్నం పెట్టి మందులిచ్చే పని మాత్రం కోడలిది. దీనికి వ్యాసంలో ఒక పేరా కేటాయించాలి.

చివరి భాగానికి చట్టాలు చాలు. భారత్‌లో తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో వచ్చింది. బిడ్డల నుంచి భరణం ఇప్పించడం దాని పని. 2013లో అమల్లోకి వచ్చిన చైనా చట్టం దూరంగా ఉండే పిల్లలు తరచూ వచ్చి చూడాలి లేదా పలకరించాలి అంటుంది. ఒకటి డబ్బు అడిగింది, ఇంకొకటి మనిషినే అడిగింది.