మెయిల్ ఎవరు చూస్తారన్న మెసేజ్‌కు బ్లౌజు కటింగ్ ఛానల్ నుంచి జవాబు

"తెలుగువాళ్లు మెయిల్ ఓపెన్ చెయ్యరు, అవన్నీ అమెరికా ముచ్చట్లు. లక్షమంది సబ్‌స్క్రైబర్లు ఉంటే వాళ్లంతా మనవాళ్లే, ఇంకేం లిస్టు కావాలి? అంత భయమైతే అదే వీడియో ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో పడెయ్యండి, ఒకటి పోయినా ఇంకోటి ఉంటది. మనోళ్లతో మాట్లాడడానికి వాట్సాప్ చాలు. మెయిల్‌తో పైసలొచ్చిన ఒక్క తెలుగు ఛానల్ చూపించండి."

యూట్యూబ్ ఛానల్ నడిపేవాళ్లు చూసేవాళ్ల మెయిల్ అడ్రసుల లిస్టు పెట్టుకోవాలా అన్నదాని మీద ఈ మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. రెండు గ్రూపుల్లో నేను నేర్పిన పిల్లలే ఫార్వర్డ్ చేశారు. నేను హనుమకొండలో టైలరింగ్ నేర్పుతాను, బ్లౌజు కటింగ్ మీద చిన్న ఛానల్ ఒకటి నడుపుతాను. వరుస కొంచెం మార్చి, సబ్‌స్క్రైబర్లంతా మనవాళ్లేనన్న రెండో మాట నుంచి మొదలుపెడతాను. అది తేలితే మిగతావాటికి దారి దొరుకుతుంది.

యూట్యూబ్ స్టూడియో తెరిచి చూడండి. సబ్‌స్క్రైబర్లు ఎంతమందో, ఏ వయసువాళ్లో, ఏ ఊళ్ల నుంచి చూస్తున్నారో చెబుతుంది. వాళ్లలో ఒక్కరి మెయిల్ అడ్రసుగానీ ఫోన్ నంబరుగానీ ఇవ్వదు. గూగుల్ టేకౌట్‌లో మన డేటా మొత్తం దించుకున్నా మన వీడియోలు, మన కామెంట్లు వస్తాయి తప్ప చూసేవాళ్ల అడ్రసులు రావు. ఛానల్ ఒకరోజు లేకుండా పోతే కొత్త ఛానల్ పెట్టామని చెప్పడానికి కూడా ఎవరూ దొరకరు. ఇది ఊహ కాదు. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్ పోయింది. మా బంధువులమ్మాయి ఒకతె కాజీపేటలో జానపదాలకు డ్యాన్స్ వీడియోలు చేసేది. తప్పు ఆమెది కాదు, యాప్ ఆమె చేతిలో లేదు. పొద్దున లేచేసరికి చూసేవాళ్లెవరూ లేరు. ఇన్‌స్టాలో మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టింది.

ఇక మెయిల్ ఓపెన్ చెయ్యరన్న మాట. ఇందులో సగం నిజం. "ఈ వారం మా కొత్త వీడియో" అని పంపితే ఎవరూ తెరవరు, నేనూ తెరవను. కానీ తాము అడిగింది వస్తుందని తెలిస్తే తెరుస్తారు. పోటీ పరీక్షలు రాసే పిల్లల్ని అడగండి, హాల్‌టికెట్ మెయిల్ కోసం ఎన్నిసార్లు చూస్తారో. కాబట్టి మెయిల్‌లో తప్ప ఇంకోచోట దొరకనిది ఒకటి ఉండాలి. నా దగ్గర అది ప్యాటర్న్.

17 నిమిషాల వీడియోలో 36 సైజు ప్రిన్సెస్ కట్ బ్లౌజు చూపించాను. బ్రౌన్ పేపర్ మీద గీసేటప్పుడు చూసేవాళ్లు పదిసార్లు ఆపి, వెనక్కి జరిపి కొలతలు రాసుకుంటారు. ఆ తిప్పలు పడేచోటే, "ఈ ప్యాటర్న్ ఎ4 కాగితాల మీద ప్రింట్ తీసుకునేలా పీడీఎఫ్ చేశాను, కింద లింకులో మెయిల్ రాస్తే వస్తుంది" అని చెప్పాను. వీడియో చివర చెప్పి ఉంటే అక్కడిదాకా ఎవరుంటారు? ఫారంలో రెండే గళ్లు పెట్టాను: మెయిల్, బ్లౌజు సైజు. సైజు అడగడం వల్ల తర్వాత ఎవరికి ఏది పంపాలో తెలుస్తుంది. అప్పుడప్పుడు కొత్త ప్యాటర్న్‌లు, క్లాసుల వివరాలు పంపుతానని అక్కడే రాశాను. 2023 డేటా రక్షణ చట్టం కూడా అడిగి తీసుకోమనే చెబుతోంది.

నేను ఊహించని చిక్కు వేరేచోట వచ్చింది. చాలామంది అక్కలకు తమ మెయిల్ అడ్రసే తెలియదు. ఫోన్ కొన్నరోజు మొబైల్ షాపు పిల్లాడు ఏదో పేరుతో జీమెయిల్ తెరిచి ఇచ్చాడు, అంతే. పరకాల నుంచి ఒకామె, "మేడం, నాకు మెయిల్ లేదు" అని కామెంట్ పెట్టింది. ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు గుండ్రటి బొమ్మ నొక్కి, అక్కడ కనిపించేది చూసి రాయమన్నాను. ఇప్పుడు ఫారం పైన అదే వాక్యం, పక్కన స్క్రీన్ ఫొటో పెట్టాను. రెండో చిక్కు తప్పు స్పెల్లింగు. `gmial.com`, `gamil.com` అని వస్తాయి. నెలకోసారి జాబితా తీసి, వెళ్లకుండా వెనక్కొచ్చిన అడ్రసులు తీసేస్తాను. కొందరు కూతురి మెయిల్ ఇస్తారు. ఆ పిల్ల హాస్టల్లో ఉంటుంది, పీడీఎఫ్ చూసి అమ్మకు వాట్సాప్‌లో పంపుతుంది. అట్లయినా పని జరుగుతుంది.

మూడో చిక్కు నా తప్పే. మొదటి పీడీఎఫ్ తీసుకున్నవాళ్లలో ముగ్గురు, "మేడం, హుక్సు పడటం లేదు, బ్లౌజు టైట్" అని మెయిల్‌కు జవాబు రాశారు. ప్యాటర్న్ మళ్లీ కొలిచాను, సరిగ్గానే ఉంది. చివరికి తెలిసిందేమిటంటే జిరాక్స్ సెంటర్లో `Fit to page` పెట్టి తీశారు. ప్రింట్ 95 శాతానికి కుంచించుకుపోయింది. ఛాతీ చుట్టులో నాలుగో వంతు 9 అంగుళాలు ఉండాల్సినచోట 8.55 వచ్చింది. నాలుగు భాగాలు కలిస్తే 1.8 అంగుళాలు తక్కువ. ఇక హుక్సు ఎట్లా పడతాయి? ఇప్పుడు మొదటి పేజీలో రెండంగుళాల చదరం గీసి, "టేపు పెట్టి కొలవండి, రెండు రాకపోతే బట్ట కత్తిరించకండి, `Actual size` పెట్టి మళ్లీ తీయించండి" అని రాశాను. ఇక్కడ చెప్పేది టైలరింగ్ ఒక్కటే కాదు. ఆ ముగ్గురూ జవాబు రాయకపోతే నాకు తెలిసేదే కాదు. ఇప్పుడు పీడీఎఫ్ పంపిన నాలుగో రోజు, "కుట్టారా? ఎక్కడ బిగుతుగా ఉంది?" అని ఒక్క లైను మెయిల్ పంపుతాను. జవాబులు వచ్చే అడ్రసు నుంచి వెళ్లే మెయిల్ స్పామ్‌లో పడటమూ తక్కువే.

ఎంతమంది తెరిచారన్న అంకెను మాత్రం నేను నమ్మను. ఆపిల్ ఫోన్లలో 2021 నుంచి మనిషి చూడకున్నా మెయిల్ తెరిచినట్టు లెక్క చూపించే ఏర్పాటు ఉంది. లింకు ఎంతమంది నొక్కారు, ఎంతమంది జవాబిచ్చారు అన్నవే చూస్తాను.

వాట్సాప్ చాలన్నారు. వాట్సాప్ నేనూ వాడతాను. కానీ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది. గ్రూపు పెడితే ఒకరి నంబరు ఇంకొకరికి కనిపిస్తుంది. ఆడవాళ్లే ఎక్కువగా ఉండే గ్రూపులో దాని అర్థమేమిటో రాత్రి పదకొండుకు తెలియని నంబరు నుంచి "హాయ్" వచ్చినవాళ్లను అడగండి. వాట్సాప్ ఛానల్‌లో ఆ బాధ లేదు, కానీ అక్కడ ఫాలో అయినవాళ్ల నంబర్లు నడిపేవాళ్లకూ దొరకవు. యూట్యూబ్ కథే మళ్లీ. మెయిల్ జాబితా మాత్రం ఒక ఎక్సెల్ ఫైలులా దించుకోవచ్చు. మెయిల్ పంపే కంపెనీ నచ్చకపోతే అదే ఫైలు ఇంకో కంపెనీలో పెట్టుకోవచ్చు.

అదే వీడియోను అన్నిచోట్లా పడెయ్యడం గురించి ఎక్కువ చెప్పను. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ మెటావే, ఒకే ఇంటి మూడు గదులు. వెనకాల సినిమా పాట ఉంటే కాపీరైట్ ఫిర్యాదు అన్నిచోట్లా రావచ్చు. పైగా అడ్డంగా తీసిన 17 నిమిషాల వీడియోను నిలువు తెర మీద వేస్తే టేపు మీది అంకె కనిపించదు. నేను చేసేది వేరు. ఆ వీడియోలోంచి ఒక్క తప్పు తీసుకుంటాను, చంక దగ్గర ముడత ఎందుకొస్తుందన్నది. దాన్ని నలభై సెకన్ల నిలువు వీడియోగా మళ్లీ తీస్తాను. 32 నుంచి 42 దాకా సైజుల కొలతల పట్టిక మెయిల్‌లోకి వెళ్తుంది. షార్ట్స్ కింద లింకు పెట్టి లాభం లేదు. 2023 ఆగస్టు 31 నుంచి అక్కడి లింకులు నొక్కితే తెరుచుకోవు. అందుకే షార్ట్‌కు సంబంధిత వీడియోగా పెద్ద వీడియోను జత చేస్తాను. పీడీఎఫ్ లింకు ఆ పెద్ద వీడియో కింద ఉంటుంది.

ఇక పైసలు. పోయిన బతుకమ్మకు ముందు నా జాబితాలో 1,140 మంది ఉన్నారు. ఆరు సైజుల ప్యాటర్న్ కట్ట 149 రూపాయలకు పెట్టి మెయిల్ పంపాను. 96 మంది లింకు నొక్కారు, 23 మంది కొన్నారు. మొత్తం 3,427 రూపాయలు. పేమెంట్ గేట్‌వే రెండు శాతం, దాని మీద జీఎస్టీ పోగా దాదాపు 3,346 మిగిలాయి. ఆ నెల ప్రకటనల మీద వచ్చింది దీనికి మూడింతలు. కాబట్టి మెయిల్ పెడితే యూట్యూబ్ అక్కర్లేదని నేను అనను. కానీ పండగలు అయ్యాక చూసేవాళ్లు తగ్గుతారు, జనవరిలో ప్రకటనల రేటూ తగ్గుతుంది. ప్రకటనల డబ్బు పంపే గూగుల్ యాడ్‌సెన్స్‌లో వంద డాలర్లు నిండకపోతే ఆ నెల డబ్బు రాదు, వచ్చే నెలకు పోతుంది. నా ఛానల్‌కు అట్లా రెండుసార్లు అయింది. ఆ రెండు నెలలూ ఇంటి కిరాయికి అక్కరకొచ్చింది మెయిల్ నుంచి చేరిన ఆదివారం ఆన్‌లైన్ క్లాసు ఫీజు.

ఖర్చు కూడా చెప్పాలి. నేను వాడే మెయిల్ సర్వీసు బ్రెవోలో ఉచితంగా రోజుకు 300 మెయిళ్లే వెళ్తాయి, నా జాబితాకు నాలుగు రోజులు పట్టింది. మొదట్లో నా మామూలు జీమెయిల్ అడ్రసు పెట్టి బ్రెవోలోంచి పంపితే సగం స్పామ్‌లో పడ్డాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నియమాలు గట్టిపడ్డాయి, జీమెయిల్ అడ్రసు పెట్టుకుని బయటి సర్వీసు నుంచి పంపితే ఒప్పుకోదు. ఏడాదికి దాదాపు వెయ్యి రూపాయలు పెట్టి సొంత డొమైన్ కొనాలి, మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని చూపించే `SPF`, `DKIM`, `DMARC` అనే మూడు రికార్డులు అందులో పెట్టాలి. మెయిల్ సర్వీసు వాళ్లే ఆ లైన్లు ఇస్తారు, డొమైన్ పేజీలో అతికిస్తే చాలు. నాకు ఒక సాయంత్రం పట్టింది.

ఎవరో నాకు పదివేల మెయిళ్ల జాబితా 500 రూపాయలకు ఇస్తానన్నాడు. తీసుకోలేదు. స్పామ్ అని నొక్కేవాళ్లు 0.3 శాతం దాటకూడదని జీమెయిల్ పెట్టిన గీత. అంటే వెయ్యిమందిలో ముగ్గురు. అడగని మెయిల్ వస్తే ముగ్గురేం ఖర్మ, ముప్ఫైమంది నొక్కుతారు. ఆ తర్వాత, ప్యాటర్న్ కోసం ఎదురుచూసే పరకాల అక్కకు కూడా నా మెయిల్ స్పామ్‌లోకే పోతుంది.