బ్రాంచీ మారితే బ్యాంకు మారదు

గుంటూరు బ్రాడీపేటలో రిటైరైన ఒక టీచరమ్మ ఇరవై లక్షల రూపాయలను ఒకే బ్యాంకులో నాలుగు ఫిక్స్‌డ్ డిపాజిట్ బాండ్లుగా వేశారు. రెండు బాండ్లు బ్రాడీపేట బ్రాంచీలో, మిగిలిన రెండు అదే బ్యాంకు లక్ష్మీపురం బ్రాంచీలో. ఒక్కోటి ఐదు లక్షలు. 'ఇలా విడదీసుకుంటే ప్రతి బాండుకూ ఐదు లక్షల ఇన్సూరెన్స్ ఉంటుంది, టెన్షన్ అక్కర్లేదు' అని కౌంటర్‌లో చెప్పారట. బాండ్లు పట్టుకుని మా కార్యాలయానికి వచ్చి 'నిజమేనా బాబూ?' అని అడిగారు. నిజం కాదు. ఆమెకున్న బీమా మొత్తం ఐదు లక్షలే. మిగిలిన పదిహేను లక్షలకు ఏ రక్షణా లేదు. ఆ మాట ఆమెకు చెప్పాల్సింది మేము కాదు, డబ్బు తీసుకున్న కౌంటర్.

రూలు చాలా సూటిగా ఉంది. రిజర్వు బ్యాంకుకు చెందిన డిపాజిట్ బీమా సంస్థ డీఐసీజీసీ ఒక మనిషికి ఒక బ్యాంకులో ఐదు లక్షల వరకే హామీ ఇస్తుంది. ఎన్ని బ్రాంచీల్లో వేసినా, ఎన్ని బాండ్లు చేసినా, సేవింగ్స్, కరెంటు, రికరింగ్, ఫిక్స్‌డ్ అన్నీ కలిపి ఒకే లెక్క. అసలుతో పాటు అప్పటివరకు చేరిన వడ్డీ కూడా ఆ ఐదు లక్షల్లోనే. అంటే సరిగ్గా ఐదు లక్షలు వేసిన మనిషికి మొదటి వడ్డీ చేరిన రోజు నుంచే కొంత సొమ్ము బీమా బయట ఉంటుంది. కౌంటర్‌లో ఈ సంగతీ చెప్పరు.

ఇది ఎక్కడో ముంబయిలో జరిగే విషయమని విజయవాడ వాళ్లు అనుకోవడానికి లేదు. 2024 నవంబర్‌లో మన దుర్గా కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు లైసెన్సును రిజర్వు బ్యాంకు రద్దు చేసింది. డిపాజిటర్లలో 95.8 శాతం మందికి బీమా కింద పూర్తి సొమ్ము వస్తుందని అప్పుడు ప్రకటించింది. మంచిదే. మరి మిగిలిన ఆ నూటికి నలుగురి మాటేమిటి? ఐదు లక్షలు దాటి దాచుకున్నది వాళ్లే. అందులో ఆడపిల్ల పెళ్లికని దాచిన వాళ్లుంటారు, పొలం అమ్మిన డబ్బు వేసిన వాళ్లుంటారు. లిక్విడేటర్ బ్యాంకు ఆస్తులు అమ్మి, బకాయిలు వసూలు చేసి, డీఐసీజీసీకి కూడా తిరిగి కట్టుకుంటూ పోతుంటే వాళ్లు ఎదురుచూడాలి. ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఎవరూ రాసివ్వరు.

ప్రభుత్వ బ్యాంకులు మునగవని, ఇంత భయం అనవసరమని బ్యాంకర్లు అంటారు. పెద్ద బ్యాంకుల విషయంలో అందులో నిజం ఉంది. కానీ డిపాజిటర్ అడిగింది బ్యాంకు మునుగుతుందా అని కాదు, బీమా ఎంత ఉందని. ఆ ప్రశ్నకు తప్పు సమాధానం ఇవ్వడానికి ఏ బ్యాంకు బలమూ సాకు కాదు.

ఆ టీచరమ్మ డబ్బు ఎలా సర్దుకోవచ్చో ఇక్కడ రాస్తున్నాం, ఎందుకంటే ఇది కౌంటర్‌లో దొరకడం లేదు. ఐదు వేర్వేరు బ్యాంకుల్లో తలా నాలుగు లక్షలు వేస్తే సరిపోతుంది. ఏడు శాతం వడ్డీకి, మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలిసే పద్ధతిలో, నాలుగు లక్షలు మూడేళ్లకు దాదాపు నాలుగు లక్షల తొంభై మూడు వేలవుతుంది. గడువు చివరి రోజు వరకూ హద్దులోనే ఉంటుంది. నెలనెలా వడ్డీ తీసుకునే వాళ్లయితే ఇంకాస్త ఎక్కువ వేసుకోవచ్చు. అయితే అదే బ్యాంకులోని సేవింగ్స్ ఖాతాలో ఉన్నది కూడా కలిపి చూసుకోవాలి. పెన్షన్ పడే ఖాతాను చాలామంది మర్చిపోయేది ఇక్కడే.

అన్ని బ్యాంకులు తిరిగే ఓపిక లేని వాళ్లకు మరో దారి ఉంది. భార్య పేరు మీద ఒక్కరిదే ఖాతా, భర్త పేరు మీద ఒక్కరిదే ఖాతా, ఇద్దరి పేర్లతో జాయింట్ ఖాతా, ఈ మూడింటికీ ఒకే బ్యాంకులో విడివిడిగా ఐదేసి లక్షల రక్షణ ఉంటుంది. జాయింట్‌లో పేర్ల వరస మార్చి, అంటే మొదట భర్త పేరున్న ఖాతా ఒకటి, మొదట భార్య పేరున్న ఖాతా ఒకటి పెట్టినా అవి రెండు వేరు లెక్కలే. వరస మారకపోతే మాత్రం ఎన్ని జాయింట్ ఖాతాలున్నా ఒకటే. సొంత వ్యాపారానికి దుకాణం పేరుతో ఉన్న కరెంటు ఖాతా కూడా యజమాని సొంత ఖాతాతోనే కలుస్తుంది. బీసెంట్ రోడ్డు వ్యాపారులు ఇది గమనించాలి.

మనకు ప్రత్యేకంగా వచ్చిన చిక్కు ఇంకొకటుంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంకులో కలిశాయి. సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. అంతకుముందు ముందుచూపుతో ఆంధ్రా బ్యాంకులో నాలుగు లక్షలు, కార్పొరేషన్ బ్యాంకులో నాలుగు లక్షలు వేసి, గడువు తీరినప్పుడల్లా రెన్యువల్ చేసుకుంటూ వస్తున్న మనిషికి ఇప్పుడు ఒకే బ్యాంకులో ఎనిమిది లక్షలున్నట్టు. కాలనీలో ఆ బ్రాంచీని ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకు అనే పిలుస్తున్నారు కాబట్టి చాలామందికి తేడా తట్టదు. రెన్యువల్‌కు వెళ్లినప్పుడు కౌంటర్‌లోనైనా ఒక మాట చెప్పాలి కదా. చెప్పరు.

ఇక వడ్డీ ఒకటిన్నర, రెండు శాతం ఎక్కువిస్తామని బోర్డు పెట్టే సొసైటీలు, పరపతి సంఘాలు, ఫైనాన్స్ కంపెనీలకు ఈ బీమా అసలు వర్తించదు. అర్బన్ కో-ఆపరేటివ్ బ్యాంకుకు ఉంటుంది, ఊళ్లోని వ్యవసాయ పరపతి సంఘానికి ఉండదు. బీమా ఉన్న బ్యాంకుల జాబితా డీఐసీజీసీ వెబ్‌సైట్‌లో ఉంది. పేరు అక్కడ లేకపోతే, విడదీసి వేసిన ఐదు లక్షలకు కూడా భరోసా లేనట్టే.

డబ్బు ఎప్పుడొస్తుందనేదీ తెలిసి ఉండాలి. విత్‌డ్రాయల్స్ మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లోపు బీమా సొమ్ము ఇవ్వాలని 2021లో చట్టం సవరించారు. మొదటి 45 రోజులు డిపాజిటర్ల జాబితాను బ్యాంకు డీఐసీజీసీకి పంపడానికే పోతాయి. ఆ మూడు నెలలు మందులకు, కరెంటు బిల్లుకు వేరే బ్యాంకులో కొంత డబ్బు ఉండాలి. అదే బ్యాంకులో బంగారం మీద అప్పుంటే దాన్ని మినహాయించుకునే ఇస్తారు.

మమ్మల్ని మండించేది ఇంకొకటి. ప్రతి వంద రూపాయల డిపాజిట్‌కు ఏడాదికి 12 పైసల లెక్కన 2020 నుంచి కొన్నేళ్లు వసూలైన ప్రీమియం ఐదు లక్షల వరకున్న సొమ్ము మీద మాత్రమే కాదు, మొత్తం డిపాజిట్ల మీద లెక్కగట్టింది. వసూలు మొత్తానికి, రక్షణ ఐదు లక్షలకు. 1993లో లక్ష చేసిన హద్దును పెంచడానికి 2020 దాకా, అంటే ఇరవై ఏడేళ్లు పట్టింది. అది కూడా 2019లో ఆంక్షల్లో చిక్కుకున్న ముంబయి పీఎంసీ బ్యాంకు డిపాజిటర్లు రోడ్డెక్కాక. హద్దు పెంచే దాకా డబ్బు పంచుకుని దాచుకునే బరువు పెన్షనర్ల మీదే వేస్తే, ఎలా పంచుకోవాలో చెప్పే బాధ్యతైనా బ్యాంకులు తీసుకోవాలి.

గోడకు ఎక్కడో అంటించిన నోటీసు చాలదు. ప్రతి డిపాజిట్ బాండు మీద, 'ఈ బ్యాంకు అన్ని బ్రాంచీల్లో మీ పేరున ఉన్న మొత్తం ఇంత, అందులో బీమా ఉన్నది ఇంత' అని తెలుగులో అచ్చు వేయాలి. కంప్యూటర్‌లో ఆ లెక్క ఇప్పటికే ఉంది, మీట నొక్కితే వస్తుంది. టార్గెట్ కోసం వృద్ధులకు బ్రాంచీల లెక్క చెప్పి పంపుతున్న మేనేజర్లు ముందు వాళ్లను వెనక్కి పిలిచి, చెప్పింది తప్పని ఒప్పుకుని, ఆ బాండ్లను సరిచేసి ఇవ్వండి. బ్రాడీపేట టీచరమ్మతో మొదలుపెట్టండి.