ఆ పిల్లరుకు సిమెంటు పూయకండి: మా ఇంటి కాంట్రాక్టరుకు రాసిన లేఖ

ప్రకాశం జిల్లా కొత్తపట్నంలో, సముద్రానికి కిలోమీటరు లోపు దూరంలో, మేము ఇల్లు కట్టుకుంటున్నాము. పోయిన ఆదివారం గ్రౌండ్ ఫ్లోర్ పిల్లర్లకు షట్టరింగ్ తీసిన తరువాత వెళ్లి చూసి, ఇంటికి తిరిగి వచ్చి మా కాంట్రాక్టరుకు ఈ లేఖ రాశాను. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నా అభ్యంతరం ఆయన మీద కాదు, పని మీద. మన తీర ప్రాంతంలో ఇల్లు కడుతున్న వారు పిల్లరును ఎక్కడ చూడాలో, టేపు ఎక్కడ పెట్టాలో తెలుసుకుంటారని లేఖను ఉన్నది ఉన్నట్టుగా పెడుతున్నాను.

గౌరవనీయులైన కాంట్రాక్టరు గారికి,

నమస్కారం. ఆదివారం ఉదయం నేను సైటుకు వచ్చేసరికి మీ మేస్త్రీ ఆగ్నేయ మూల పిల్లరు దగ్గర తట్టలో సిమెంటు ఇసుక కలుపుకొని, పిల్లరు పాదం దగ్గర కనిపిస్తున్న గుల్లను పూడ్చడానికి సిద్ధంగా ఉన్నాడు. నేను ఆపమన్నాను. దానికి అతను, "ఇది ప్రతి సైటులోనూ ఉండేదే సార్, పూత వేస్తే కనపడదు" అన్నాడు. ఈ లేఖ రాయడానికి కారణం ఆ మాటే. కనపడకపోవడం నాకు అక్కరలేదు. అది అక్కడ ఎందుకు ఏర్పడిందో, ఎంత లోతుకు ఉందో నాకు తెలియాలి.

నేను చూసినది ముందు వివరంగా చెబుతాను. ఆ పిల్లరు 230 × 380 మి.మీ. దాని తూర్పు ముఖాన, పిల్లరు మొదట్లో ముందుగా పోసే చిన్న దిమ్మ అయిన స్టార్టరుకు పైన సుమారు ఒక అడుగు ఎత్తు వరకు కంకర రాళ్లు విడివిడిగా, వాటి మధ్య సిమెంటు గుజ్జు లేకుండా, తేనెపట్టులా కనిపిస్తున్నాయి. స్క్రూడ్రైవరు దూర్చితే ఏ ఆటంకమూ లేకుండా 40 మి.మీ. లోపలికి పోయింది. ఆ గుల్లలో నిలువు రాడ్లను చుట్టి కట్టిన రింగులు రెండు బయటికే కనపడుతున్నాయి. రింగు బయటి అంచు నుంచి పిల్లరు ముఖం వరకు టేపు పెడితే 12 మి.మీ. వచ్చింది. మీ మేస్త్రీ తన టేపుతో కొలిచి 20 ఉందన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు గాని, రింగును వదిలేసి నిలువు రాడ్డు వరకు కొలిచాడు. రింగు మందం 8 మి.మీ. కనుక ఆ తేడా వచ్చింది. కవర్ అంటే అన్నిటికంటే బయట ఉన్న ఇనుము నుంచి కాంక్రీటు ముఖం దాకా ఉండే మందం, కాబట్టి దాన్ని రింగు నుంచే లెక్కపెట్టాలి. తుప్పు పట్టడం కూడా మొదట రింగు నుంచే మొదలవుతుంది.

మన ఇంజనీరు గారి డ్రాయింగులో పిల్లరు కవర్ 45 మి.మీ. అని, కాంక్రీటు ఎం30 గ్రేడు అని స్పష్టంగా రాసి ఉంది. ఇది ఆయన సొంత పట్టింపు కాదు. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణ కోడ్ అయిన ఐ.ఎస్. 456 సముద్ర తీరపు వాతావరణానికి గురయ్యే కాంక్రీటును తీవ్ర పరిస్థితి కింద లెక్కించి, ఆ పరిస్థితికి 45 మి.మీ. కవర్ నిర్దేశిస్తుంది. పని చేసేటప్పుడు అది 10 మి.మీ. పెరగవచ్చునని, తగ్గడానికి మాత్రం వీలు లేదని అదే కోడ్ చెబుతుంది. అద్దంకిలోనో మార్కాపురంలోనో మీరు కట్టిన ఇళ్లకు సరిపోయిన కొలత కొత్తపట్నానికి సరిపోదు. ఇక్కడ ఉప్పు గాలి మా తూర్పు గోడ మీదికి నేరుగా వస్తుంది.

ఆ 12 మి.మీ. ఎలా వచ్చిందో ఇంటికి వచ్చాక లెక్క వేసుకున్నాను. 230 వెడల్పులో రెండు వైపులా 45 తీసేస్తే రింగు బయటి కొలత 140 ఉండాలి. పిల్లరు తలల మీద ఇనుము ఇంకా బయటికే ఉంది కనుక అక్కడ కొలిచి చూశాను, రింగు సరిగ్గా 140 ఉంది. అంటే రింగులు వంచిన మనిషి తప్పు చేయలేదు. తూర్పున 12 ఉంటే పడమర వైపు 78 ఉండాలి. ఇనుప గూడు మొత్తంగా తూర్పుకు జరిగిపోయింది. గూడుకు నాలుగు వైపులా కవర్ బ్లాకులు కట్టి ఉంటే అది కదలడానికి చోటే ఉండేది కాదు.

మీరు ఫోనులో, "కవర్ తక్కువైతే తక్కువైంది, ఇనుము ఎంత ఉండాలో అంత ఉంది కదా" అన్నారు. ఇనుము ఉంది, కాని ఉండవలసిన చోట లేదు. పడమర ముఖం నుంచి చూస్తే రాడ్డు 33 మి.మీ. లోపలికి పోయింది. పిల్లరు అటు వంగినప్పుడు పనిచేసే లోతు 169 నుంచి 136కు, అంటే సుమారు ఐదో వంతు తగ్గింది. బలం ఎంత తగ్గిందో ఇంజనీరు గారు లెక్క చెప్పాలి. ఏమీ తగ్గలేదని మీరు గాని నేను గాని అనుకోవడానికి మాత్రం వీలు లేదు.

తూర్పు ముఖం సంగతి ఇంకా తీవ్రమైనది. ఉప్పు కాంక్రీటులోకి ఇంకి ఇనుమును చేరడానికి పట్టే కాలం కవర్ మందంతో సమానంగా పెరగదు, ఉజ్జాయింపుగా దాని వర్గంతో పెరుగుతుంది. మందం సగమైతే కాలం నాలుగో వంతు అవుతుంది. 45 ఉండవలసిన చోట 12 ఉంటే ఆ కాలం సుమారు పద్నాలుగో వంతుకు పడిపోతుంది. అది కూడా కాంక్రీటు గట్టిగా, నిండుగా ఉన్నప్పటి మాట. గుల్ల ఉన్న చోట గాలికీ తేమకూ ఏ అడ్డూ లేదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును నిలువునా చీలుస్తుంది. ఇదే ఊళ్లో మా నాన్నగారు కట్టించిన ఇంట్లో స్లాబు పెచ్చులు ఊడి మంచం మీద పడ్డాయి. ఆ రోజు నుంచి మా అమ్మ ఆ గదిలో పడుకోవడం మానేసింది. కొత్త ఇల్లు కడుతున్నదే ఆమె కోసం.

ఇప్పుడు గుల్ల గురించి. దానికి కారణం మీ సైటులోనే నాకు కనిపించింది. పిల్లరు పాదం దగ్గర ప్లింత్ బీము మీద సిమెంటు పాలు కారి, నాలుకలా గట్టిపడి ఉన్నాయి. షట్టరు పలకకూ స్టార్టరుకూ మధ్య సందు ఉండిపోవడం వల్ల గుజ్జు అందులో నుంచి బయటికి పోయి, లోపల కంకర మాత్రమే మిగిలింది. దానికి తోడు మీ వాళ్లు కాంక్రీటును పది అడుగుల పైనుంచి తట్టలతో నేరుగా కింద పడేశారు. అలా పడినప్పుడు అది రింగులకు తగిలి కంకర ఒక పక్కకు, గుజ్జు ఒక పక్కకు విడిపోతుంది. అందుకే మీటరున్నర కంటే ఎత్తు నుంచి కాంక్రీటు పడకూడదని కోడ్ చెబుతుంది. పైగా పాదం దగ్గర రింగులు మిగతా చోట్ల కంటే దగ్గర దగ్గరగా ఉంటాయి. వైబ్రేటరు అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యే చోటు అదే.

వైబ్రేటరు వాడారా అని అడిగితే, కాంక్రీటులోకి దించే దాని నీడిల్ లావుగా ఉండి గూడులోకి దిగలేదని, అందుకని షట్టరు మీద సుత్తితో బాగా కొట్టామని మేస్త్రీ చెప్పాడు. నిజం చెప్పినందుకు అతని మీద నాకు గౌరవమే కలిగింది. కాని సుత్తి దెబ్బకు షట్టరుకు ఆనుకొని ఉన్న బుడగలు పోయి పైముఖం నున్నగా వస్తుంది తప్ప, పిల్లరు నడిమికి ఆ కదలిక చేరదు. నున్నగా ఉన్న మరో మూడు పిల్లర్ల పాదాల దగ్గర చిన్న సుత్తితో తట్టి చూస్తే, పైన ఖణేలుమన్న శబ్దం కింద బొదబొదమంది. బయటికి కనిపించిన గుల్ల కంటే ఈ కనపడని గుల్ల గురించి నాకు ఎక్కువ భయంగా ఉంది. కాంక్రీటులో నూటికి ఐదు పాళ్లు గాలి మిగిలిపోతే బలం నూటికి ముప్పై పాళ్ల వరకు తగ్గవచ్చు. సిమెంటు ఎన్ని బస్తాలు వేసినా ఆ నష్టం పూడదు.

పూత గురించి కూడా మనసు విప్పి చెప్పాలి. పైపైన పూసిన సిమెంటు ఇసుక లోపలి ఖాళీల్లోకి పోదు, రింగు వెనక్కి అసలే పోదు. గుల్ల నోరు మూసుకుంటుంది, కడుపు అలాగే ఉంటుంది. ప్లాస్టరింగు వేశాక కవర్ మరో 15 మి.మీ. పెరుగుతుందని మీరన్న మాట కూడా నేను ఒప్పుకోలేను. ప్లాస్టరింగు తేమను పీల్చుకుంటుంది, బీటలు వారుతుంది, అందుకే ఏ ఇంజనీరూ దాన్ని కవర్‌గా లెక్కపెట్టడు.

మూల పిల్లరును పగలగొట్టి మళ్లీ పోయాలని నేను కోరుతున్నాను. స్లాబు ఇంకా పడలేదు కనుక దాని మీద ఇప్పుడు బరువు లేదు. పోయేది పావు ఘనమీటరుకు కొంచెం పైన కాంక్రీటు, రెండు రోజుల కూలి. స్లాబు పడిన తరువాత ఇదే పని చేయాలంటే బీములకు ఆసరాలు పెట్టి, ప్రాణాలకు వెరుస్తూ చేయాలి. రాడ్లు దెబ్బతినకుండా ఉలితో పగలగొట్టించండి. గూడును నడిమికి తెచ్చి నిలబెట్టడం ఇంజనీరు గారి ఎదుటే జరగాలి. పక్కకు జరిగిన రాడ్లను బలవంతంగా వంచవద్దు.

శబ్దం తేడాగా ఉన్న మూడు పిల్లర్లకు అల్ట్రాసోనిక్ పరీక్ష, మొత్తం పన్నెండింటికీ ఇనుము ఎంత లోతులో ఉందో చూపే కవర్ మీటరు పరీక్ష చేయిస్తాను. తలల దగ్గర కొలిస్తే పన్నెండింటిలో ఏడింటికి 45 కంటే తక్కువే వచ్చింది. తల దగ్గర వచ్చిన కొలత పాదం దగ్గర కూడా అంతే ఉంటుందని చెప్పలేము కాబట్టి ఆ మీటరు అవసరం. పరీక్షల ఖర్చు నాది, మళ్లీ పోసే ఖర్చు మీది. గుల్ల పైపైనే ఉందని తేలిన చోట గట్టి కాంక్రీటు తగిలే దాకా చెక్కి, రింగు బయటపడితే దాని వెనక వేలు పట్టేంత ఖాళీ చేసి, కడిగి, ఇంజనీరు గారు చెప్పిన మైక్రో కాంక్రీటుతో నింపి, తడిగోనెలు చుట్టి ఉంచాలి. కవర్ తక్కువగా తేలిన వాటికి ఏం చేయాలో ఆయన నిర్ణయిస్తారు.

మరొక్క మాట. బీము రాడ్ల కింద చీమకుర్తి గ్రానైటు పలకల ముక్కలు పెట్టి ఉండటం చూశాను. పాలిష్ చేసిన రాయికి కాంక్రీటు అతుక్కోదు. ఆ అతుకు సందులోంచే ఉప్పు నీరు నేరుగా రాడ్డు దాకా వెళుతుంది. అవి తీసేసి, ఇంజనీరు గారు చెప్పిన మందంతో కాంక్రీటు బ్లాకులు తీగతో కట్టించండి. ఆ బ్లాకులు కూడా స్లాబుకు వేసే కాంక్రీటుకు తీసిపోని బలంతో పోసి, నీళ్లలో నాననిచ్చినవై ఉండాలి.

బుధవారం ఉదయం ఎనిమిదింటికి ఇంజనీరు గారు సైటుకు వస్తున్నారు. మీరూ, మేస్త్రీ కూడా ఉండాలి. అంతవరకు ఏ పిల్లరు మీదా సిమెంటు పూత పడకూడదు. మళ్లీ పోసే రోజున 25 మి.మీ. నీడిల్ సైటులో ఉండాలి. షట్టరు అడుగు సందు మూసి ఉండాలి. షట్టరుకు సగం ఎత్తులో కిటికీ పెట్టి, అడుగున్నర చొప్పున పోస్తూ, ప్రతి పొరలోనూ నీడిల్‌ను కింది పొరలోకి కొంచెం దింపి, బుడగలు రావడం ఆగాక నెమ్మదిగా పైకి తీయాలి. నేను ఆ రోజు సెలవు పెట్టి వచ్చి, పోయడం పూర్తయ్యే దాకా అక్కడే ఉంటాను.

ఇట్లు,
ఇంటి యజమాని