అరియర్స్ మెసేజ్ పంపడం ఇక ఆపండి మాస్టారూ

"పీఆర్సీ అరియర్స్ పాత ఏళ్ల జీతం కాబట్టి ఈ ఏడాది రిటర్నులో చూపక్కర్లేదు, పాత రిటర్నులు రివైజ్ చేస్తే చాలు. కొత్త పద్ధతి వాళ్లకి రిలీఫ్ లేదు. 10ఈ ఫారం రిటర్ను వేశాక ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. పది మందికీ పంపండి."

భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ టీచర్ల గ్రూపు తెరిచినా ఇదే. పంపేవాళ్లంతా లెక్కలు చెప్పే మాస్టార్లే, ఆయ్!

పాత రిటర్నులు ముట్టుకోకండి. అరియర్స్ చేతికొచ్చిన ఏడాది ఆదాయంలోనే కలుస్తాయి, టీడీఎస్ కూడా ఆ ఏడాదే కోస్తారు. ఇక అరియర్స్ ఒకేసారి కలవడం వల్ల పెరిగిన పన్నును తగ్గించే సెక్షన్ 89 రిలీఫ్ కొత్త పద్ధతిలోనూ ఉంది.

అసలు కొంప ముంచేది మూడోది, ఆ రిలీఫ్ కోసం వేసే 10ఈ ఫారం సంగతి. పాత పద్ధతిలో ఉన్న ఒక టీచరు లెక్క చూడండి. 2024-25లో అరియర్స్ కాకుండా పన్ను పడే ఆదాయం 9,60,000. వచ్చిన అరియర్స్ 1,20,000. డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంటు నెలనెలా కూడితే అందులో 60,000 రూపాయలు 2022-23వి, 60,000 రూపాయలు 2023-24వి. అన్నీ ఒకేసారి కలిసేసరికి ఆదాయం పది లక్షలు దాటి, 80,000 మీద 30 శాతం పడింది. సెస్సుతో కలిపి అదనపు పన్ను 33,280. అదే సొమ్ము ఏ ఏడాదిది ఆ ఏడాది అంది ఉంటే, అప్పటి ఆదాయాలు 8,40,000, 9,00,000 కాబట్టి అంతా 20 శాతంలోనే ఉండేది. రెండేళ్లకీ కలిపి 24,960. తేడా 8,320. అదే రిలీఫ్.

ఈ 8,320ని రిటర్నులో చూపించి, 10ఈ వేయకపోతే ఏమవుతుంది? 143(1) ఇంటిమేషన్‌లో రిలీఫ్ కొట్టేసి, ఆ సొమ్ము వడ్డీతో కట్టమంటారు. "ఎప్పుడైనా" అన్న పెద్దమనిషి అప్పుడు ఫోను ఎత్తడు. ముందు పోర్టల్లో Form 10E వేయండి, తర్వాతే రిటర్ను. అందులో అసెస్‌మెంట్ ఇయర్ అడిగితే సొమ్ము అందిన ఏడాదిదే, అంటే ఇక్కడ 2025-26 ఎంచాలి. పాత ఏడాదిది పెడితే ఆ ఫారం వేసీ వేయనట్టే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. "రిలీఫ్ పేరుకే, మాకేం రాదు" అనేవాళ్లలో చాలామందిది నిజమే. అరియర్స్ కలిసినా కలవకపోయినా అన్నేళ్లూ ఒకే శ్లాబులో ఉంటే తేడా సున్నా. పాత పద్ధతిలో ఆ పాత ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉండి, అరియర్స్ కలిపితే దాటితే, 87ఏ రిబేటు పోయి ఆ ఏడాది పన్ను పెరుగుతుంది కాబట్టి రిలీఫ్ ఇంకా తగ్గుతుంది. లెక్క మైనస్ వస్తే ఏమీ రాదు, అదనంగా కట్టక్కర్లేదు కూడా.

తేడా వచ్చేవాళ్లు రిఫండు కోసం ఆగక్కర్లేదు. ఫిబ్రవరి బిల్లు పెట్టకముందే 10ఈ వివరాలు డీడీవోకి ఇస్తే, 192(2ఏ) కింద రిలీఫ్ తీసేసి మిగతాదే కోయొచ్చు.