నేతికి లెక్కలేమిటండీ!

తెలుగింటి రాజ్యాంగం ప్రకారం కొవ్వులు మూడు రకాలు: నూనె, ప్రేమ, మందు. మూకుట్లో పోసేది నూనె. పప్పన్నం మీద వేసేది ప్రేమ, దాన్నే వాడుకలో నెయ్యి అంటారు. వాట్సాప్‌లో వీడియో చూసి పరగడుపున ఓ గుక్క తాగేది మందు, అంటే కొబ్బరి నూనె. ఈ మూడింట్లో లెక్క ఉండేది మొదటిదానికే. ప్రేమను కొలిచేవాడు పిసినారి, మందును కొలిచేవాడు అజ్ఞాని.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వారికి ఈ రాజ్యాంగం అందినట్టు లేదు. హైదరాబాదులో ఉంటూ కూడా, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి నూనెలూ నెయ్యీ అన్నీ కలిపి 27 గ్రాములు చాలని 2024లో మార్గదర్శకాలు రాశారు. ఆ ‘కలిపి’ అన్న మాట దగ్గరే మనకు మండుతుంది. 5 మిల్లీలీటర్ల చెంచా తలగొట్టి నింపితే నూనె అయినా, కరిగిన నెయ్యి అయినా తూగేది దాదాపు 4.5 గ్రాములు. అంటే రోజు మొత్తానికి ఆరు చెంచాలు. గ్రాముకు 9 కేలరీలు. నెయ్యి ఆవుదైనా గేదెదైనా అంతే. గానుగ నూనె తెచ్చుకున్నవాళ్లకు ఎద్దు తిరిగిన శ్రమ మినహాయించి కేలరీలు తగ్గిస్తారేమోనని ఒక ఆశ ఉంటుంది. అదీ లేదు.

సరే, ఒక రోజు తిండి లెక్క వేద్దాం. నలుగురున్న ఇల్లు. అందులో ఒకరి వాటా చూస్తే, మధ్యాహ్నం గుత్తివంకాయకు నలుగురికీ కలిపి 60 మిల్లీలీటర్ల వేరుశెనగ నూనె పోశారు కాబట్టి ఒక్కొక్కరికి పదమూడున్నర గ్రాములు. చారు పోపులోది రెండు గ్రాములు, కొంచెం ఎక్కువే. ఆవకాయ ముక్కతో పాటు కంచంలోకి దిగిన ఎర్రటి నూనె ఒక చెంచా, నాలుగున్నర. ఆ నూనె కూడా నూనేనా అని అడిగేవాళ్లున్నారు. నువ్వుల నూనె అయినా వేరుశెనగదైనా అది నూనే. రాత్రి మూడు చపాతీలు, ఒక్కోదానికి అర చెంచా చొప్పున ఆరున్నర పైచిలుకు. మొత్తం కూడండి. సరిగ్గా 27. మార్గదర్శకాలను అక్షరాలా పాటించిన ఇల్లు ఇది!

ఇందులో నెయ్యి కలపలేదు. ఎందుకు కలపాలి, అది నూనె కాదుగా? పొద్దున ఇడ్లీ కారప్పొడిలో రెండు చెంచాలు, 9 గ్రాములు. మధ్యాహ్నం ముద్దపప్పులో ఒకే ఒక్క చెంచా. ఆ ఒక్క చెంచా సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. కరిగిన నెయ్యి చెంచా అంచు దాటి నిలవదు. పేరుకున్న నెయ్యి అలా కాదు. గిన్నెలో చెంచా గుచ్చి లేపితే చెంచా మీద గోపురంలా ఒక గుట్ట లేస్తుంది. దాన్ని తూస్తే 8, 9 గ్రాములు తేలికగా వస్తుంది. ఎవరినడిగినా ‘ఒక చెంచానే వేశాను’ అంటారు, అబద్ధం కూడా కాదు. అలా 18 గ్రాములు, 162 కేలరీలు, ఏ పద్దులోకీ ఎక్కకుండా పొట్టలోకి చేరాయి. రోజు మొత్తం 27 కాదు, 45.

కేలరీల దగ్గర ముగ్గురూ సమానులే. మరి తేడా ఎక్కడ? సంతృప్త కొవ్వులో. వంద గ్రాముల వేరుశెనగ నూనెలో అది దాదాపు 18 గ్రాములు. నేతిలో అరవై దాటుతుంది. కొబ్బరి నూనెలో ఎనభై దాటి తొంభై దాకా వెళుతుంది. ‘ఇది గట్టిపడుతుంది, అది గట్టిపడదు’ అని అమ్మమ్మలు చూసి చెప్పే తేడా ఇదే. చలికాలం పొద్దున కొబ్బరి నూనె సీసాలో రాయిలా ఉంటుంది, నెయ్యి పూసకడుతుంది, వేరుశెనగ నూనె మాత్రం గలగలమంటూ ఉంటుంది. రోజు కేలరీల్లో సంతృప్త కొవ్వు నుంచి వచ్చేది పదో వంతు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2000 కేలరీలకు అది సుమారు 22 గ్రాములు. గీత దాటితే ఒంట్లో పెరిగేది చెడ్డ కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్.

మన 45 గ్రాముల ఇంట్లో 18 గ్రాముల నెయ్యి నుంచి 11, నూనె నుంచి 5, మొత్తం 16. ‘ఇంకా ఆరు మిగిలాయిగా’ అని సంబరపడే లోపు పాలు వచ్చేస్తాయి. ఫుల్ క్రీమ్ పాలు 300 మిల్లీలీటర్లు కాఫీకీ పెరుక్కీ కలిపి వాడితే 18 గ్రాముల కొవ్వు, అందులో సంతృప్తం 11. ఇక్కడికే 27 అయింది. ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ ఇంకా రుబ్బనేలేదు. అదే టోన్డ్ పాలైతే సగమే, అయిదారు గ్రాములు.

ఇప్పుడు కొబ్బరి నూనె. తెలుగువాళ్లకు అది తలలోకి, మలయాళీలకు కూరలోకి. ఇది తినేదా రాసుకునేదా అన్నది మనకే కాదు, పన్ను శాఖకు కూడా తేలలేదు. చిన్న సీసాల్లో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరి నూనెను, సీసా మీద జుట్టుకని రాసి ఉంటే తప్ప, వంటనూనెగానే చూడాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ తీర్పుకూ కాఫీలో కొబ్బరి నూనె కలుపుకునే కొత్త అలవాటుకూ సంబంధం లేదు. ఆ అలవాటుకు ఆధారంగా చెప్పేది వేరు: అందులో ‘మీడియం చైన్’ కొవ్వులున్నాయి, అవి నేరుగా శక్తిగా మారిపోతాయి, ఒంటికి పట్టవు. కానీ ప్రయోగాల్లో వాడే ఎంసీటీ నూనె, అంటే అచ్చంగా మీడియం చైన్ కొవ్వుల నూనె, కేప్రిలిక్, కేప్రిక్ ఆమ్లాలతో విడిగా తయారుచేసింది. ఆ రెండూ కొబ్బరి నూనెలో పదిహేను శాతం లోపే. దాదాపు సగం ఉండేది లారిక్ ఆమ్లం. పేరుకు మీడియం చైన్ జాబితాలోనే ఉన్నా, జీర్ణమయ్యేటప్పుడు చాలావరకు మామూలు నూనెల్లోని పొడుగు చైన్ కొవ్వుల దారే పడుతుంది. కాఫీలో పెద్ద చెంచాడు పోస్తే దాదాపు 13.5 గ్రాములు, అంటే రోజు కోటాలో సగం టిఫిను కంటే ముందే అయిపోయింది. సీసా మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని గొప్పగా రాసి ఉంటుంది. నిజమే, ఏ మొక్క నుంచి తీసిన నూనెలోనూ ఉండదు. పుచ్చకాయ మీద ‘ఎముకలు లేవు’ అని రాసినట్టు.

వేరుశెనగ నూనె పాపం, దాని తరఫున ప్రచారం చేసేవాళ్లే లేరు. పుణ్యం లేదు, వీడియోలు లేవు. దానికీ ఒక లోటుంది: ఒమేగా-3 దాదాపు శూన్యం. అందుకే అవిసె గింజల పొడి, చేపలు తినేవాళ్లయితే చేపలు, ఆ లోటు పూడ్చాలి. ఇక గానుగది రిఫైన్డ్ దానికంటే ముందే పొగలు కక్కుతుంది, వేపుళ్లకు మంట తగ్గించుకోవాలి. ముక్క వాసన వస్తే అది సహజత్వం కాదు, చెడిపోవడం.

మరి నెయ్యి మానేయాలా? అంత మాట అనే ధైర్యం ఈ వ్యాసకర్తకు లేదు. పద్దు మార్చడమే. ముందు 27 రాయండి. అందులోంచి నేతికి రెండు తలగొట్టిన చెంచాలు, 9 గ్రాములు, తీసి పక్కన పెట్టండి. మిగిలిన 18 వేరుశెనగ నూనెది. నేతి వాటా ముక్కుకు దగ్గరగా ఖర్చు పెట్టాలి: వేడి అన్నంలో ఒక చెంచా, ఇడ్లీ పొడిలో ఒకటి. అదే నెయ్యి కూర పోపులో వేస్తే ఉల్లి, వెల్లుల్లి వాసనలో మాయమైపోతుంది, లెక్కలో మాత్రం ఉంటుంది. ఎప్పుడైనా అవియల్ చేసి పైన ఒక చెంచా కొబ్బరి నూనె చల్లాలనిపిస్తే, ఆ రోజు నేతి చెంచా ఒకటి మానాలి, నూనె చెంచా కాదు. రిపోర్టులో ఎల్‌డీఎల్ ఎక్కువని వచ్చినవాళ్లకు మొదటి కోత కూడా ఈ రెండు చెంచాల మీదే.

18 గ్రాములు సరిపోవాలంటే అసలు తగ్గాల్సింది వంకాయ దగ్గర. వంకాయ స్పంజి లాంటిది, ఎంత పోసినా తాగేసి ఇంకా పొయ్యమంటుంది. మొదటే 60 మిల్లీలీటర్లు పోసి మగ్గబెడితే అదంతా లోపలికి పోతుంది. ‘నూనె చాలట్లేదు, మాడుతోంది’ అని మళ్లీ పోస్తారు. అలా కాక నాలుగు పక్షాలుగా చీరిన కాయల్ని ఉప్పునీళ్లలోంచి తీసి, మూతపెట్టి, కాసిని నీళ్లు చిలకరించి ముప్పావు వంతు మెత్తబడేదాకా ఆవిరి మీద మగ్గనివ్వండి. మసాలా ఆ తరవాత కూరండి. అప్పుడు మందపాటి మూకుట్లో 30 మిల్లీలీటర్ల నూనె కాచి, పోపు పెట్టి కాయల్ని తిప్పితే చాలు. తల ఒక్కింటికి పడేది 6.75 గ్రాములు. పోపు రెండుంపావు, ఆవకాయ నూనె నాలుగున్నర, మూడు చపాతీలకు మొత్తం ఒక చెంచా నాలుగున్నర. లెక్క 18 దగ్గర ఆగింది. నెయ్యితో కలిపి 27. సంతృప్తం నేతి నుంచి అయిదున్నర, నూనె నుంచి మూడు, టోన్డ్ పాల నుంచి ఆరు, వెరసి 15 లోపే. కొబ్బరి చట్నీకి చోటు దొరికింది.

అదే 18 గ్రాములూ కొబ్బరి నూనె అయితే? సంతృప్తం దానిదొక్కటే 15 దాటుతుంది. నెయ్యి, పాలు కలిపితే మళ్లీ 27కి దగ్గరే.

రోజూ తూచడం అయ్యే పని కాదు. నెలకోసారి చూసుకుంటే చాలు. నలుగురు పెద్దవాళ్లకు ముప్పై రోజులకు నెయ్యి 1080 గ్రాములు, నూనె 2160. నూనె లీటరు సుమారు 910 గ్రాములు కనక రెండున్నర ప్యాకెట్ల లోపు, ఆవకాయలోది కూడా అందులోదే. ప్యాకెట్ మీద మిల్లీలీటర్లు కాదు, గ్రాములు చదవండి. 800, 850 గ్రాములవి కూడా అచ్చం లీటరు ముఖంతోనే అల్మారాలో నవ్వుతుంటాయి. కొత్త ప్యాకెట్ తెరిచిన రోజు పెన్నుతో దాని మీదే తేదీ రాసుకోండి. పండక్కి బూరెలు వేస్తే మూకుడు వేయించక ముందూ, చల్లారాకా తూయండి. తగ్గిన బరువు ఎక్కడికీ పోలేదు, బూరెల్లో ఉంది.

నేతి గిన్నెలోకి మాత్రం కొత్త చెంచా కొననక్కర్లేదు. జ్వరం సిరప్ సీసాతో వచ్చిన మూత ఏ ఇంట్లోనైనా ఉంటుంది, 5 మిల్లీలీటర్ల గీతతో. శుభ్రంగా కడిగి, నెయ్యి కరిగించి దాంతో పొయ్యండి. ఇంటికొచ్చిన పెద్దవాళ్లు అదేమిటని అడిగితే, మందు అనండి.