ఏ బ్యాచో చెప్పకపోతే అన్ని కెటిళ్ల మీదా అనుమానమే

"చిన్న కంపెనీ రీకాల్ ప్రకటన బహిరంగంగా పెడితే బ్రాండ్ పని అయిపోయినట్టే. 'నాణ్యత మెరుగుదల కోసం స్వచ్ఛంద మార్పిడి' అని మెత్తగా రాయండి. కొన్నవాళ్లకు విడిగా ఫోన్ చేసి సర్దుకోండి. ఏ బ్యాచ్‌లో లోపమో మాత్రం బయటపెట్టకండి."

అమ్మిన కెటిళ్లలో లోపం బయటపడి, వాటిని వెనక్కి పిలవాల్సిన చిన్న కంపెనీకి ఇలాంటి సలహా ఇచ్చేవాళ్లుంటారు. ముందు బ్యాచ్ సంగతి చూద్దాం. ఈ సలహాలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది అదే. అమెరికాలో ఎన్నో తెలుగు ఇళ్లలో పప్పు ఉడికేది ఇన్‌స్టంట్ పాట్ అనే ఎలక్ట్రిక్ కుక్కర్‌లో. 2018 ఫిబ్రవరిలో దాన్ని తయారుచేసే కెనడా కంపెనీ, తన జెమ్ 65 మోడల్ కుక్కర్లు కొన్ని విపరీతంగా వేడెక్కి అడుగుభాగం కరుగుతోందని ఫేస్‌బుక్‌లో తానే ప్రకటించింది. వాడకం ఆపమంది. అడుగున లేబుల్ మీద నాలుగంకెల బ్యాచ్ కోడ్ చూసుకోమంది. 1728, 1730, 1731, 1734, 1746 అనే ఐదు కోడ్‌లనూ అచ్చంగా ఇచ్చింది. మార్చిలో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ ద్వారా అధికారిక రీకాల్ వచ్చింది. సుమారు 1,04,000 కుక్కర్లను ఉచితంగా మార్చి ఇస్తామన్నారు. ఆ అయిదు సంఖ్యల వల్ల మిగతా బ్యాచ్‌ల వాళ్లు లేబుల్ చూసుకుని వంట కొనసాగించగలిగారు. అవి చెప్పకపోయి ఉంటే ఆ మోడల్ కొన్న ప్రతి ఇల్లూ భయపడేది. బ్రాండ్ పని కూడా అయిపోలేదు. మరుసటి ఏడాదే వంటింటి పాత్రల కంపెనీ కోరెల్ బ్రాండ్స్‌తో దాని విలీనం జరిగింది.

"స్వచ్ఛంద మార్పిడి" అన్న మాట చదివినవారు ఏం చేస్తారు? తీరిక దొరికినప్పుడు చూద్దామనుకుని, ఆ సాయంత్రం అదే కెటిల్‌లో నీళ్లు కాచుకుంటారు. నీళ్లు లేకుండా కెటిల్ వేడెక్కితే కరెంటు ఆపేసే థర్మోస్టాట్ ఒకటి అడుగున ఉంటుంది. ఒక బ్యాచ్‌లో అదే పని చేయడం లేదనుకోండి. మామూలుగా నీళ్లు కాచినంత కాలం ఆ లోపం బయటపడదు. ఖాళీ కెటిల్ స్విచ్ వేసి మరిచిపోయిన రోజున ప్లాస్టిక్ కరిగి, మంటలు అంటుకోవచ్చు. అందుకే ప్రకటన మొదటి వాక్యంలోనే ప్రమాదం పేరు, చేయాల్సిన పని రెండూ ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను:

"మా 1.5 లీటర్ల కెటిల్‌లో ఒక బ్యాచ్‌కు మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. వెంటనే వాడకం ఆపి, ప్లగ్ తీయండి. చల్లారాక కెటిల్‌ను తిప్పి, అడుగున లేబుల్ మీద మోడల్, బ్యాచ్ నంబర్లు చూడండి. అవి కింద ఇచ్చిన నంబర్లయితే లేబుల్ ఫొటో మాకు పంపండి. బిల్లు అవసరం లేదు. మేమే వచ్చి తీసుకెళ్తాం, ఖర్చు మాదే. కొత్త కెటిల్ కావాలో, డబ్బు కావాలో మీ ఇష్టం. ఖాళీ కెటిల్ స్విచ్ వేసి పరీక్షించకండి. ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి. మేము ఓటీపీ గానీ, యూపీఐ పిన్ గానీ అడగం."

చివరి వాక్యం తీసేయకండి. రీకాల్ వార్త తెలియగానే డబ్బు వాపసు పేరుతో మోసగాళ్లు ఫోన్లు చేయవచ్చు. "బిల్లు అవసరం లేదు" అన్నదీ అంతే ముఖ్యం. తక్కువ ధర వస్తువుకు బిల్లు దాచేవాళ్లు తక్కువ. బిల్లు అడిగితే ప్రమాదకరమైన కెటిల్ ఆ ఇంట్లోనే ఉండిపోతుంది.

విడిగా ఫోన్లు చేయడం మంచిదే, కానీ అవే సరిపోవు. ఆన్‌లైన్‌లో అమ్మినవాటికి నంబర్లు దొరుకుతాయి. వీధి చివరి దుకాణంలో నగదుకు కొన్నవాళ్ల నంబరు ఎవరి దగ్గరా ఉండదు. గృహప్రవేశానికి కానుకగా ఇచ్చినది, హాస్టల్ గదిలో చేతులు మారినది ఏ జాబితాలోనూ కనిపించదు. ఆ ఇళ్లకు చేరాలంటే బహిరంగ ప్రకటనే దారి. దాన్ని అమ్మిన దుకాణాల గోడల మీద కూడా స్థానిక భాషలో అంటించాలి.

దాచినంత మాత్రాన విషయం కంపెనీ చేతిలో ఉండదు. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 20 కింద ప్రమాదకర వస్తువులను వెనక్కి తీసుకోవాలని, ధర తిరిగి చెల్లించాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించగలదు. ఆ సంస్థ 2022లో, నాణ్యతా ప్రమాణాలకు లోబడని 2,265 ప్రెషర్ కుక్కర్ల విషయంలో అమెజాన్‌కు సరిగ్గా ఇలాంటి ఆదేశమే ఇచ్చి, లక్ష రూపాయల జరిమానా వేసింది. కొన్నవాళ్లందరికీ తెలియజేయమని కూడా ఆదేశించింది.

ప్రకటన పెట్టిన రోజుతో పని పూర్తికాదు. చాలామంది మొదటిసారి పట్టించుకోరు. ఆ బ్యాచ్‌లో ఎన్ని అమ్మారో, ఎన్ని తిరిగొచ్చాయో కొన్ని వారాల తర్వాత అదే ప్రకటన కింద రాసి, మళ్లీ పెట్టాలి. తిరిగొచ్చిన ప్రతి కెటిల్ తీగనూ కత్తిరించి, అది మళ్లీ మార్కెట్‌కు చేరకుండా లెక్క రాసుకోవాలి.